ఏడాదికి రెండు మూడు సార్లు మాత్రమే కదిలే విడిభాగాన్ని ఎంత స్టాకు ఉంచాలి?

విజయనగరం జిల్లాలోని ఒక జూట్ మిల్లులో స్టోర్సు, కొనుగోళ్ల ప్రణాళిక రెండూ చూస్తాను. మిల్లు స్టోర్సులో రోజూ కదిలే సరుకు గురించి నాకు పెద్ద దిగులు లేదు. యంత్రాలకు వేసే నూనె, బెల్టులు, కుట్టుదారం ఏ నెల ఎంత పోతాయో నెలవారీ సగటే చెబుతుంది. ఆ సగటు కాస్త తప్పినా వచ్చే నెల సరిదిద్దుకోవచ్చు. నిద్ర పట్టనివ్వనివి వెనక అరల్లో దుమ్ము పట్టి ఉండే భాగాలు. నాలుగైదు నెలలు వాటిని ఎవరూ అడగరు. అడిగిన రోజున లేకపోతే యంత్రం ఆగుతుంది.

ఈ వ్యాసం ఆ రెండో రకం గురించే. బొబ్బిలిలో మిల్లు నడిపేవారికైనా, రాజాంలో విడిభాగాల దుకాణం ఉన్నవారికైనా, పలాసలో జీడిపప్పు కర్మాగారం స్టోర్సు చూసేవారికైనా ఇదే పద్ధతి పనికొస్తుంది. ఒక కాగితం, ఒక స్ప్రెడ్‌షీటు ఉంటే చాలు. లెక్క మొత్తం ఒకే భాగం మీద చేసి చూపిస్తాను. మీరు మీ స్టోర్సులోని ఒక భాగం కార్డు పక్కన పెట్టుకుని చదివితే పని తేలికవుతుంది.

మనం లెక్కించబోయే గేరు

గోగునార, జనపనార పోగులను చీల్చి దువ్వే యంత్రాన్ని బ్రేకర్ కార్డు అంటాం. అందులో డాఫర్ రోలరును తిప్పే పోత ఇనుప గేరు చక్రమే మన ఉదాహరణ. మిల్లులో అలాంటి యంత్రాలు ఆరు ఉన్నాయి. గేరు హౌరాలో పోత పోసి, పళ్లు కోసి, లారీలో రావాలి. ఆర్డరు పెట్టిన రోజు నుంచి చేతికి అందడానికి మూడు నెలలు పడుతుంది. ఒక్కోటి 14,000 రూపాయలు.

2023 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు, అంటే 24 నెలల్లో, ఈ గేర్లు వాడిన తీరు ఇది: 2023 జూన్‌లో 2, అక్టోబరులో 1, 2024 జూన్‌లో 2, సెప్టెంబరులో 1, 2025 మార్చిలో 3. మొత్తం 9 గేర్లు, ఐదు సార్లు. మిగతా 19 నెలలూ సున్నా.

మిల్లులో అప్పట్లో ఆరు నెలల చలన సగటు వాడేవాళ్లం. గడిచిన ఆరు నెలల వాడకాన్ని కూడి ఆరుతో భాగించి, దాన్ని మూడు నెలల గడువుతో గుణించి, అంత స్టాకు ఉంచడం అప్పటి పద్ధతి. 2024 ఏప్రిల్ చివర చూస్తే అంతకుముందు ఆరు నెలల్లో ఒక్క గేరూ పోలేదు. సగటు సున్నా, అవసరం సున్నా. మే చివరా అంతే. స్టోర్సు పంపిన ఇండెంటును ఆ సున్నా చూపించి కొట్టేశారు. జూన్‌లో రెండు గేర్లు కావాల్సి వచ్చాయి. అరలో ఒక్కటీ లేదు. విశాఖ ఆటోనగర్‌లో లేత్ పని చేసేచోట అత్యవసరంగా చేయించాం. ఒక్కోదానికి 22,000 అయింది. ఎనిమిది రోజులు ఒక యంత్రం ఆగింది. మిగతా ఐదింటిని ఓవర్‌టైము మీద నడిపాం.

సగటు ఎక్కడ తప్పుదోవ పట్టిస్తుంది

కొట్టేసినవారిని తప్పుపట్టి లాభం లేదు. కాగితం మీద వాళ్ల లెక్క సరిగ్గానే ఉంది. తప్పు ఆ సాధనంలో ఉంది, అది ఎలాంటి తప్పో కళ్లారా చూడాలి. ప్రతి వాడకానికి ముందు నెల చివర ఆరు నెలల సగటు ఎంతో, వాడిన నెల చివర ఎంతో పక్కపక్కన రాసి చూడండి.

2023 అక్టోబరుకు ముందు 0.33, తర్వాత 0.50. 2024 జూన్‌కు ముందు 0, తర్వాత 0.33. సెప్టెంబరుకు ముందు 0.33, తర్వాత 0.50. 2025 మార్చికి ముందు 0.17, తర్వాత 0.50.

రెండేళ్ల అసలు రేటు నెలకు 9/24, అంటే 0.375. గేరు అవసరం పడబోయే ముందు నాలుగు సార్లూ సగటు దానికంటే తక్కువే చూపింది. గేరు తీసిన వెంటనే మూడు సార్లు ఎక్కువ చూపింది. ఇది యాదృచ్ఛికం కాదు. చాలాకాలం ఏమీ పోకపోతే సగటు జారుతుంది, ఒకటి పోగానే ఎగురుతుంది. మనం ఫైలు తెరిచేది ఎప్పుడు? అర ఖాళీ అయిన రోజునే, అంటే సగటు ఎగిరి ఉన్న రోజునే. అందుకే అప్పుడు ఎక్కువ కొంటాం. ఆ తర్వాత నెలలు గడిచేకొద్దీ సగటు పడిపోయి, ‘కదలని స్టాకు’ జాబితాలో అదే గేరు కనిపిస్తుంది, కొనడం ఆపేస్తాం. ఒకే భాగం ఏడాదిలో ఒకసారి మితిమీరిన స్టాకుగా, ఒకసారి లేని స్టాకుగా కనిపించడానికి కారణం ఇదే.

ఆరు నెలలకు బదులు 24 నెలల సగటు వాడితే? నిజాయితీగా చెప్పాలంటే చాలా మెరుగు. ఊపు తగ్గుతుంది, సున్నాకు పడిపోవడం అరుదు. ఇంకేమీ చేయలేని పరిస్థితిలో కనీసం ఆ మార్పు చేయండి. కానీ అది కూడా నెలకు 0.375 అనే ఒకే అంకె ఇస్తుంది. నెలకు 0.375 గేరు అని ఎవరూ అడగరు. అడిగితే ఒకటో, రెండో, మూడో. ‘ఎన్నాళ్లకొకసారి అడుగుతారు’, ‘అడిగినప్పుడు ఎన్ని అడుగుతారు’ అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. సగటు ఆ రెండింటినీ కలిపి నూరేస్తుంది. వాటిని విడదీయడమే ఇక్కడ మన పని.

మొదటి పని: సున్నాలను నమ్మకముందు విచారించండి

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే కేటాయించండి. నా అనుభవంలో అంచనా తప్పడానికి సూత్రం కంటే లెడ్జరే పెద్ద కారణం.

ఈ గేరు లెడ్జరును నేను మొదటిసారి తీసినప్పుడు 2024 జూన్ ఖాళీగా ఉంది. ఐదు కాదు, నాలుగే వాడకాలు కనిపించాయి. బ్రేక్‌డౌన్ రిజిస్టరులో మాత్రం ఆ నెల ఎనిమిది రోజుల ఆగుడు రాసి ఉంది. అనుమానం వచ్చి ఫిట్టర్ మేస్త్రీని అడిగాను.

“మేస్త్రీ గారూ, జూన్‌లో డాఫర్ గేర్లు మార్చారా?”

“రెండు మార్చాం బాబూ. స్టోర్సులో లేవు కదా, బయట చేయించి తెచ్చారు. నేరుగా యంత్రం దగ్గరికే వచ్చేశాయి.”

గేర్లు స్టోర్సు గుమ్మం దాటి లోపలికి రాలేదు. అందుకే లెడ్జరుకు ఎక్కలేదు. స్టాకు లేని కారణంగా జరిగిన కొనుగోలు ‘గిరాకీ లేదు’ అని నమోదైంది. ఆ లెడ్జరు మీదే లెక్క వేసి ఉంటే స్టాకు ఇంకా తగ్గేది, మళ్లీ ఖాళీ అయ్యేది, మళ్లీ నమోదు కాకుండా పోయేది. కాబట్టి ప్రతి భాగానికీ లెడ్జరును బ్రేక్‌డౌన్ రిజిస్టరుతోనూ, అత్యవసర కొనుగోళ్ల బిల్లులతోనూ, పక్క మిల్లు నుంచి అప్పు తెచ్చిన చీటీలతోనూ సరిచూడండి. మీరు రాయాల్సింది స్టోర్సు ఎన్ని ఇచ్చిందని కాదు, యంత్రానికి ఎన్ని కావాల్సి వచ్చాయని.

మిల్లు నడవని నెలలను సున్నాలుగా రాయకండి. లేఆఫ్ పడి రెండు నెలలు గేటు మూసి ఉంటే ఆ రెండు నెలలూ లెక్కలోంచి తీసేయండి. ఆగిన యంత్రానికి గేరు అరగదు. తుపాను నెలల విషయం దీనికి వ్యతిరేకం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. అలాంటి తుపాను తర్వాత తడిసిన మోటార్లకు ఒకేసారి తీసిన బేరింగులు మామూలు అరుగుదల కాదు. వాటిని వేరే వరుసలో రాసుకోండి. తుపానుకు ముందుజాగ్రత్తగా ఎంత ఉంచాలన్నది విడిగా తీసుకోవాల్సిన నిర్ణయం, నెలవారీ రేటులో కలపకూడదు. ముందే తేదీ తెలిసిన వార్షిక ఓవర్‌హాలింగ్‌కు తీసేవీ అంతే. వాటికి అంచనా అక్కర్లేదు, జాబితా చాలు.

మార్చి నెల మీద ప్రత్యేకంగా కన్నేయండి. ఆర్థిక సంవత్సరం ముగుస్తోందని కొన్ని విభాగాలు బడ్జెట్ మిగలకుండా భాగాలు తీసి తమ బీరువాల్లో పెట్టుకుంటాయి. మన గేరుకు 2025 మార్చిలో 3 అని ఉంది కాబట్టి దాన్నీ అడిగి తేల్చుకున్నాను. మూడూ నిజంగా బిగించారు. ఒక యంత్రానికి జతగా రెండు, మరో దానికి ఒకటి.

రెండో పని: ఇది ఏ రకమో తేల్చండి

గిరాకీ ఉన్న నెలల సంఖ్యతో మొత్తం నెలలను భాగించండి. 24/5 = 4.8. అంటే సగటున 4.8 నెలలకొకసారి అడుగుతున్నారు. ఈ రంగంలో చాలామంది వాడే గీత 1.32. ఆ దూరం 1.32 కంటే తక్కువైతే భాగం దాదాపు ప్రతి నెలా కదులుతున్నట్టు, మామూలు సగటు సరిపోవచ్చు. దాటితే అడపాదడపా గిరాకీ. మన గేరు చాలా దాటింది.

అడిగినప్పుడు పరిమాణం ఎంత మారుతుందో కూడా చూడాలి. మనవి 2, 1, 2, 1, 3. సగటు 1.8, పెద్ద తేడాలు లేవు. అదే ఒకసారి 1, మరోసారి 40 అడిగే భాగమైతే కింద చెప్పే పద్ధతులు కూడా తడబడతాయి. అలాంటి చోట ఆ 40 దేనికి అడిగారో కనుక్కోవడం ఏ లెక్క కంటే మేలు.

మూడో పని: పరిమాణాన్నీ, వ్యవధినీ విడివిడిగా నడపండి

1972లో జె.డి. క్రోస్టన్ చూపిన దారి ఇది. రెండు అంకెలు పెట్టుకోండి. మొదటిది అడిగినప్పుడు ఎన్ని అడుగుతున్నారన్నది, రెండోది ఒకసారి అడిగాక మళ్లీ అడగడానికి ఎన్ని నెలలు పడుతోందన్నది. గిరాకీ వచ్చిన నెలలోనే రెండింటినీ కొంచెం సవరించాలి. రాని నెలల్లో ముట్టుకోకూడదు. సవరణ ఎంతన్నది ఒక చిన్న గుణకం నిర్ణయిస్తుంది. ఇలాంటి భాగాలకు నేను 0.1 వాడతాను. గిరాకీలు తక్కువ కాబట్టి ఒక్కో దానికి మరీ ఎక్కువ బరువు ఇస్తే మళ్లీ పాత ఊగిసలాటే వస్తుంది.

మొదటి విలువలు ఎక్కడి నుంచి తేవాలి? ఇక్కడ చాలామంది జారిపడతారు. మొదటి గిరాకీనే మొదటి విలువగా తీసుకుంటే మన గేరుకు వ్యవధి 3 నెలలతో మొదలవుతుంది. 0.1 గుణకంతో ఆ తొందరపాటు ఐదు గిరాకీల తర్వాత కూడా పోదు. నేను వేసి చూశాను, నెలకు 0.51 అని వచ్చింది, అసలు రేటు 0.375 ఉండగా. అందుకే పాత కాలం మొత్తం సగటుతో మొదలుపెట్టండి. 2024 సెప్టెంబరు వరకు 18 నెలల్లో నాలుగు సార్లు, మొత్తం 6 గేర్లు. పరిమాణం 6/4 = 1.5, వ్యవధి 18/4 = 4.5 నెలలు.

2025 మార్చిలో ఆరు నెలల తర్వాత 3 అడిగారు. పరిమాణం 1.5 నుంచి పదోవంతు తేడా జరిగి 1.65 అయింది. వ్యవధి 4.5 నుంచి 4.65 అయింది. భాగిస్తే నెలకు 0.355.

దీనికి ఒక చిన్న కోత వేయాలి. ఆరిస్ సింటెటోస్, జాన్ బాయ్లన్ 2001లో క్రోస్టన్ పద్ధతి సగటున కొంచెం ఎక్కువ చూపుతుందని తేల్చారు. కారణం అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. వ్యవధి భాగహారంలో కింద ఉంది. వ్యవధులు 2, 10 అనుకోండి. సగటు 6, దాని ప్రకారం నెలకు 0.17. కానీ 1/2, 1/10లను విడివిడిగా చేసి సగటు తీస్తే 0.30. వ్యవధి అంచనా పైకి ఊగినప్పుడు రేటు కొద్దిగా తగ్గుతుంది, కిందికి ఊగినప్పుడు ఎక్కువగా పెరుగుతుంది. ఆ ఊగిసలాట వల్ల వచ్చే ఎక్కువను తీసేయడానికి గుణకంలో సగాన్ని ఒకటి నుంచి తీసేసి, దానితో గుణిస్తారు. మన గుణకం 0.1 కాబట్టి 0.95తో గుణించాలి.

```
z = z + 0.1 * (size - z)
p = p + 0.1 * (gap - p)
forecast = 0.95 * z / p
```

ఇందులో `z` పరిమాణం అంచనా, `p` వ్యవధి అంచనా, `size` ఈసారి అడిగినవి, `gap` కిందటిసారి అడిగాక గడిచిన నెలలు. మన గేరుకు ఫలితం నెలకు 0.337. ఏడాదికి 4.04. వచ్చే ఏడాది కొనుగోలు బడ్జెట్‌లో ఈ గేర్లు 4 అని రాయడానికి ఈ అంకె సరిపోతుంది. మూడు నెలల గడువుకు దాదాపు 1.

నాలుగో పని: ఆ ఒకటిని స్టాకు అనుకోకండి

గడువు కాలంలో సగటున ఒక గేరు కావాలంటే ఒకటి ఉంచితే చాలనిపిస్తుంది. ఇది సగటు చేసే రెండో మోసం. ఏ మూడు నెలల్లోనైనా ఒకటి కావచ్చు, అసలు వద్దు కావచ్చు, ఐదు కావచ్చు. మనకు కావాల్సింది ఏ సంఖ్యకు ఎంత అవకాశం ఉందన్నది.

దీనికి నేను చీటీల పద్ధతి వాడతాను. 24 చీటీల మీద 24 నెలల అంకెలు రాయండి. 19 మీద సున్నా, రెండింటి మీద 1, రెండింటి మీద 2, ఒకదాని మీద 3. డబ్బాలో వేసి కలిపి ఒకటి తీయండి, అంకె రాసుకుని మళ్లీ డబ్బాలో వేయండి. ఇలా మూడు సార్లు తీసి కూడితే అది ఒక మూడు నెలల గడువు. వంద గడువులు తీస్తే చిత్రం కనిపిస్తుంది. నేను మొదటిసారి నిజంగా చీటీలతోనే చేశాను, పక్కన మేస్త్రీ కూర్చుని అంకెలు రాశారు. సూత్రాలు చూపించినప్పుడు ఒప్పుకోనివారు చీటీలు తీస్తే ఒప్పుకున్నారు. రోజువారీ పనికి స్ప్రెడ్‌షీటు చాలు. నెలల అంకెలు `B2` నుంచి `B25` వరకు ఉంటే:

```
C2: =INDEX(B$2:B$25,RANDBETWEEN(1,24))
    +INDEX(B$2:B$25,RANDBETWEEN(1,24))
    +INDEX(B$2:B$25,RANDBETWEEN(1,24))
E2: =COUNTIF(C$2:C$1001,"<=3")/1000
```

`C2`లోని సూత్రాన్ని ఒకే వరుసలో టైపు చేసి `C1001` వరకు లాగండి. `E2` మీకు 3 గేర్లు సరిపోయిన గడువుల భాగం చెబుతుంది. 3 స్థానంలో ఇతర అంకెలు వేసి చూడండి. షీటు తిరిగి లెక్కించినప్పుడల్లా ఫలితం కొంచెం కదులుతుంది, కంగారు పడకండి.

మన గేరుకు వచ్చేవి ఇవి. 1 ఉంచితే వంద గడువుల్లో 65 సార్లు సరిపోతుంది. 2 ఉంచితే 83. 3 ఉంచితే 94. 4 ఉంచితే 97. 5 ఉంచితే 99. సగటు చెప్పిన ఒక గేరుతో మూడింట ఒకసారి చేతులెత్తేయాల్సిందే.

ఈ చీటీలకు హద్దులున్నాయి. ఒక నెలకూ ఇంకో నెలకూ సంబంధం లేదని ఇది అనుకుంటుంది. ఒక యంత్రం షాఫ్టు వంగి వరుసగా గేర్లు తింటుంటే ఆ ఊహ చెల్లదు, అప్పుడు షాఫ్టు బాగుచేయాలి. పైగా ఇందులో ఏ ఒక్క నెలా 3 దాటదు, ఎందుకంటే మన చరిత్రలో దాటలేదు. ఐదేళ్ల రికార్డు నమ్మదగ్గదైతే 60 చీటీలు వేయండి. ఐదు గిరాకీల మీద నిలబడిన 97కూ 94కూ మధ్య తేడాను శాసనంలా చూడవద్దు.

ఐదో పని: ఇంకొక్కటి ఉంచడం గిట్టుతుందా?

శాతం ముందే నిర్ణయించుకుని లెక్క మొదలుపెట్టడం నాకు నచ్చదు. 95 శాతం అంటారు, ఎందుకు 95 అంటే జవాబుండదు. ఒక్కో అదనపు గేరుకు అయ్యే ఖర్చూ, అది ఆదా చేసేదీ పక్కన పెట్టి చూడండి.

గేరు అరలో కూర్చుంటే ఏడాదికి దాని ధరలో సుమారు ఐదో వంతు ఖర్చని మా మిల్లు లెక్క. వడ్డీ, చోటు, తుప్పు అన్నీ కలిపి. అంటే 2,800 రూపాయలు. లేకపోతే అయ్యే నష్టం 2024 జూన్‌లో తెలిసింది. రెండు గేర్లకు అదనంగా 16,000, ఓవర్‌టైము, తగ్గిన ఉత్పత్తి కలిపి 14,000. మొత్తం 30,000.

ఏడాదికి మూడు నెలల గడువులు నాలుగు. రెండు నుంచి మూడో గేరుకు వెళ్తే వందలో 11 సార్లు గండం తప్పుతుంది. 0.11 × 4 × 30,000 = 13,200. 2,800 పెట్టి 13,200 కాపాడుకోవడం గిట్టుతుంది. నాలుగో గేరు వందలో 3 సార్లు కాపాడుతుంది, అంటే 3,600. ఇదీ గిట్టుతుంది, కానీ కొద్దిగానే. ఐదో గేరు 2 సార్లు, 2,400. ఇది గిట్టదు. నాలుగు దగ్గర ఆగాలి.

మీ దగ్గర ఆ యంత్రం ఒక్కటే ఉండి, అది ఆగితే మిల్లు మొత్తం ఆగిపోయేదైతే 30,000 స్థానంలో లక్షలు ఉంటాయి, జవాబు మారుతుంది. ప్రొడక్షన్ వారిని కూర్చోబెట్టి ఆ ఒక్క అంకె రాయించుకోండి. అన్నిటికంటే ఫలితాన్ని ఎక్కువ కదిలించేది అదే.

నాలుగు అంటే అరలో ఉన్నవీ, దారిలో ఉన్నవీ కలిపి నాలుగు. అరలో ఒకటి తగ్గిన రోజే ఒకటి ఆర్డరు పెట్టాలి, మూడు తగ్గితే మూడు. నెలాఖరు దాకా ఆగితే గడువు మూడు నెలలు కాదు, నాలుగు అవుతుంది. అప్పుడు చీటీలు కూడా నాలుగేసి తీయాలి.

సరిచూసుకునేటప్పుడు ఏ కొలత వాడకూడదు

అంచనా బాగుందో లేదో శాతంలో తప్పు కొలుద్దామంటే సున్నా నెలల్లో సున్నాతో భాగించాలి, లెక్క కుదరదు. చాలామంది అప్పుడు ప్రతి నెలా అంచనాకూ వాడకానికీ తేడా తీసి సగటు చేస్తారు. అది ఇంకా ప్రమాదం. మన 24 నెలల్లో ప్రతి నెలా సున్నా అని అంచనా వేసిన వ్యక్తి సగటు తప్పు 9/24 = 0.375. ప్రతి నెలా అసలు రేటైన 0.375నే సరిగ్గా చెప్పిన వ్యక్తి సగటు తప్పు 0.594. సున్నా చెప్పినవాడే గెలిచాడు! కంప్యూటర్ ప్యాకేజీ ఈ కొలత మీద ‘అత్యుత్తమ పద్ధతి’ ఎంచుకుంటే అరలు ఖాళీ చేసే పద్ధతినే ఎంచుతుంది. మీ ప్యాకేజీ ఏ కొలత వాడుతుందో ఒకసారి అడగండి.

బదులుగా రెండు సంగతులు చూడండి. ఒకే రకం భాగాలను ఒక వందదాకా గుంపుగా తీసుకుని, ఏడాదికి మనం చెప్పిన మొత్తం, నిజంగా పోయిన మొత్తం దగ్గరగా ఉన్నాయా? అడిగినప్పుడు లేదనాల్సి వచ్చిన సందర్భాలు చీటీలు చెప్పిన నిష్పత్తిలోనే ఉన్నాయా? ఒక్క గేరు మీద ఏడాదిలో ఏదీ తేలదు, గుంపు మీద తేలుతుంది.

ఎవరూ అడగని భాగం చచ్చిపోయిందా?

క్రోస్టన్ పద్ధతికి ఒక పెద్ద లోటుంది. గిరాకీ వస్తేనే అంకె కదులుతుంది. ఆ ఆరు యంత్రాలనూ పాత ఇనుముకు అమ్మేసినా అది నెలకు 0.337 అనే చెబుతూ ఉంటుంది. 2011లో టెయుంటర్, సింటెటోస్, బబాయ్ దీనికి మందు చెప్పారు. వ్యవధికి బదులు ‘ఈ నెల అడిగే అవకాశం’ పెట్టుకుని, దాన్ని ప్రతి నెలా సవరించాలి. మన గేరుకు ఆ అవకాశం 5/24, దాదాపు 0.21. అడగని ప్రతి నెలా దాన్ని 0.95తో గుణిస్తే పన్నెండు ఖాళీ నెలల తర్వాత 0.11కు దిగుతుంది. ఒక్కసారిగా సున్నాకు పడదు, అలాగని మొండిగా నిలబడదు.

చేతిలెక్కగా చేసేవారికి ఇంకా తేలిక దారి ఉంది. సగటు వ్యవధికి మూడు రెట్లు గడిచినా అడగకపోతే షెడ్డులోకి వెళ్లి యంత్రం ఉందో లేదో చూడండి. మన గేరుకు అది 14 నెలలు. ఉంటే ఏమీ మార్చకండి. యంత్రాలు తగ్గితే అదే నిష్పత్తిలో చీటీల మీద 1, 2, 3 ఉన్నవాటిలో కొన్నిటిని సున్నా చేసి మళ్లీ తీయండి.

మా గేరు బిన్ కార్డు మీద ఇప్పుడు పైన పెన్సిల్‌తో మూడు విషయాలు రాసి ఉంటాయి: లక్ష్యం 4, గడువు 3 నెలలు, 2026 మే వరకు అడగకపోతే షెడ్డులో చూడాలి. కింద కొత్తగా ఒక గడి గీశాం, ‘అడిగినా ఇవ్వలేకపోయినవి’ అని. 2024 జూన్ నాటి రెండు గేర్లను ఆ గడిలో తేదీతో సహా మేస్త్రీ చేతే రాయించాను.